బయటి మాట వినని నాజిల్

హైవే పక్కన పంక్చర్ షాపులో లారీ టైరుకు గాలి పెట్టడం ఎప్పుడైనా నిలబడి చూశారా? మొదట గేజ్ ముల్లు హుషారుగా ఎక్కుతుంది. ఇరవై, నలభై, అరవై పీఎస్‌ఐ వరకు ఒకే ఊపు. వంద దాటాక ముల్లుకు బద్ధకం వస్తుంది. నూటఇరవై పెట్టాలంటే ఆ చివరి ఇరవై దగ్గరే ప్రాణం విసుగొస్తుంది. "ఇంకెంతసేపు తమ్ముడూ?" అని డ్రైవర్ అడిగితే, "లాస్ట్‌లో అంతేనన్నా, టైరు ఎదురు తోస్తది" అంటాడు కుర్రాడు.

ఆ జవాబులో సగం నిజం ఉంది. టైరులో ప్రెషర్ పెరిగేకొద్దీ లోపలికి వచ్చే గాలికి అడ్డు పెరగాలి, సరే. మరి మొదటి అరవై దాకా ఆ అడ్డు ఏమైంది? టైరు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడూ, అరవై ఎక్కాకా గాలి ఒకే జోరుతో ఎందుకు వెళ్లింది? ట్యాంకులో 130 పీఎస్‌ఐ నిలకడగా ఉందనీ, దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఒక్కటేననీ అనుకుని లెక్క వేస్తే సమాధానం ఇలా వస్తుంది. టైరులో 62 చేరేదాకా వెళ్లే గాలి రవ్వంత కూడా తగ్గదు. వంద దగ్గర ఆరో వంతు తగ్గుతుంది. నూటఇరవై దగ్గర సగానికి పడిపోతుంది. 62కు ముందు టైరు ఎంత ఎదురు తోసినా ఆ తోపుడు ట్యాంకు దాకా చేరదు. 62 తర్వాతే చేరడం మొదలవుతుంది.

ఈ 62 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రెషర్ ఉన్న ఏ ట్యాంకు నుంచైనా, ఏ చిన్న రంధ్రం గుండానైనా గాలి బయటికి పోయే పద్ధతి రెండు రకాలు. ఇంజినీర్లు ఒకదాన్ని చోక్డ్ ఫ్లో అంటారు, రెండోదాన్ని అన్‌చోక్డ్ అంటారు. రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే ట్యాంకు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో, లీకు ఎంత తింటోందో కాగితం మీద చెప్పేయవచ్చు.

ముందు ఒక చిన్న జాగ్రత్త. గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. గాలి ప్రవాహపు లెక్కలకు అసలు ప్రెషర్ కావాలి, అంటే గేజ్ అంకెకు వాతావరణపు ఒక బార్ కలపాలి. పీఎస్‌ఐలో అయితే సుమారు 15 కలపాలి. మన వర్క్‌షాపుల్లో "ఏడు కేజీల ప్రెషర్" అంటే గేజ్ మీద దాదాపు 7 బార్, అసలు ప్రెషర్ 8 బార్. ఈ ఒకటి కలపడం మరిచిపోయి తలకిందులైన లెక్కలు కాలేజీ ల్యాబుల్లో కోకొల్లలు.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. మామూలు గాలికి, అలాగే ఆక్సిజన్, నైట్రోజన్‌లకు ఆ హద్దు 0.528. బయటి ప్రెషర్ లోపలి అసలు ప్రెషర్‌లో 0.528 వంతు కంటే తక్కువగా ఉంటే ప్రవాహం చోక్డ్. అంతకంటే ఎక్కువైతే కాదు. లారీ టైరుకు ఇదే వేయండి. ట్యాంకులో 130కి 15 కలిపితే 145. దాన్ని 0.528తో గుణిస్తే సుమారు 77. అందులోంచి 15 తీసేస్తే గేజ్ మీద 62. ట్యాంకు గాలి నేరుగా బయటి వాతావరణంలోకి పోతుంటే ఇదే హద్దును తిరగేసి చెప్పుకోవచ్చు: లోపలి అసలు ప్రెషర్ 1.89 బార్‌కు పైన ఉన్నంతసేపూ, అంటే గేజ్ మీద 0.89 పైన ఉన్నంతసేపూ, ప్రవాహం చోక్డ్. కారు టైరులో 32 పీఎస్‌ఐ ఉండగా వాల్వ్ పిన్ను ఊడదీస్తే వచ్చే ఆ తొలి బుస్సుమనే గాలి కూడా చోక్డే. గేజ్ మీద సుమారు 13 దాకా దిగాక గాని మామూలు ప్రవాహం కాదు.

హద్దు సరే, అసలు లోపల జరిగేదేమిటి? బయట ప్రెషర్ తగ్గిందన్న సంగతి ట్యాంకులోని గాలికి ఎలా తెలుస్తుంది? గాలిలో ఏ ప్రెషర్ మార్పైనా అలగానే ప్రయాణిస్తుంది, ఆ అల వేగం ధ్వని వేగం. బయటి కబురు లోపలికి రావాలంటే నాజిల్ గొంతు గుండా, బయటికి ఉరికే గాలికి ఎదురుగా రావాలి. గాలి నెమ్మదిగా పోతున్నప్పుడు కబురు ఎదురెక్కి లోపలికి చేరుతుంది, లోపలి గాలి తన జోరు మార్చుకుంటుంది. బయటి ప్రెషర్ తగ్గేకొద్దీ గొంతులో గాలి వేగం పెరుగుతూ పోయి చివరికి అక్కడి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడితో సరి. గోదావరి వరదలో ఈతగాడు ఎంత వేగంగా ఎదురీదితే అంతే వేగంగా నీరు అతన్ని కిందికి తోస్తుంటే ఒడ్డున మనకు అతను ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తాడు. కబురు గతీ అదే. ఇక ఆవల వాతావరణమే ఉన్నా, దాన్ని కూడా తీసేసి శూన్యం పెట్టినా, గొంతుకు ఈవలి గాలికి తెలియదు. అందుకే ప్రవాహం మారదు.

ఈ వివరణ బాగానే ఉంటుంది గాని చదివిన వాళ్లకు ఒక సందేహం మిగిలిపోతుంది. గాలి ఇంకాస్త వేగంగా పోతే ఇంకాస్త ఎక్కువ పోదా? ధ్వని వేగం దగ్గరే ఎందుకు ఆగాలి? దీనికి అంకెలతో జవాబు చెప్పడమే మంచిది.

గేజ్ మీద 7 బార్ ఉన్న ట్యాంకు తీసుకుందాం. అసలు ప్రెషర్ 8, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. లోపల గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 9.3 కిలోలు. గాలి బయలుదేరి వేగం పుంజుకునేకొద్దీ దాని ప్రెషర్, ఉష్ణోగ్రత తగ్గుతాయి, గాలి పలచబడుతుంది. సెకనుకు 100 మీటర్ల వేగం వచ్చేసరికి సాంద్రత 8.9. అంటే ఒక చదరపు మీటరు గుండా సెకనుకు 890 కిలోల గాలి పోగలదు. వేగం 317 మీటర్లకు చేరేసరికి సాంద్రత 5.9కి దిగుతుంది. గుణిస్తే 1,870 కిలోలు. ఇక గాలి పూర్తిగా విచ్చుకుని ఒక బార్‌కు దిగితే వేగం 520 మీటర్లకు ఎగబాకుతుంది, కాని సాంద్రత 2.1కి పడిపోతుంది. గుణిస్తే 1,090 మాత్రమే.

చూశారుగా. మొదట్లో వేగం పెరగడంలో లాభం ఎక్కువ, పలచబడటంలో నష్టం తక్కువ. ఒక చోట రెండూ సమానమవుతాయి. ఆ తర్వాత పలచబడటమే గెలుస్తుంది. ఆ సమానమైన చోటే సరిగ్గా గాలి తన ధ్వని వేగాన్ని అందుకునే చోటు. పై అంకెల్లోని 317 మీటర్లు అదే. గది గాలిలో ధ్వని వేగం 347 దాకా ఉంటుంది గదా అనుకోవచ్చు; గొంతు దగ్గరికి వచ్చేసరికి గాలి చల్లబడి సుమారు మైనస్ 23 డిగ్రీల్లో ఉంటుంది, చల్లటి గాలిలో ధ్వని నెమ్మది. అన్నిటికంటే ఇరుకైన గొంతు గుండా అంతకుమించి గాలిని దూర్చడం కుదరదు. గొంతు తర్వాత దారి వెడల్పు చేస్తే అప్పుడు గాలి 520 దాకా పోగలదు. రాకెట్ నాజిల్ గొంతు తర్వాత గంటలా విచ్చుకుని ఉండేది అందుకే. కాని ఆ గంట ఎంత పెద్దదైనా గొంతు గుండా పోయే కిలోల్లో మాత్రం తేడా రాదు.

ఈ అంకెల దగ్గరే 19వ శతాబ్దపు పెద్ద బుర్రలు కూడా తికమకపడ్డాయి. 1839లో ఫ్రాన్స్‌లో సాంవెనాన్, వాన్‌త్సెల్ అనే ఇద్దరు ఈ ప్రవాహానికి సూత్రం రాశారు. వాన్‌త్సెల్ అంటే, స్కేలు, వృత్తలేఖినులతో కోణాన్ని మూడు సమభాగాలు చేయడం ఎల్లప్పుడూ సాధ్యం కాదని అంతకు రెండేళ్ల ముందు నిరూపించిన యువకుడే. వాళ్ల సూత్రం లెక్కగా తప్పు కాదు. కాని గొంతులో ఉండే ప్రెషర్ స్థానంలో బయటి ప్రెషర్‌ను పెట్టి చూస్తే, సగం దాకా ప్రవాహం పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చి, బయట పూర్తి శూన్యం ఉంటే ప్రవాహం సున్నా అని తేలుతుంది! శూన్యంలోకి గాలి అసలే పోదనడం కంటే విడ్డూరం ఉంటుందా? గొంతులోని ప్రెషర్, బయటి ప్రెషర్ ఒకటే కానక్కర్లేదన్నదే కీలకం. 1860లలో ఆవిరితో ప్రయోగాలు చేసిన నేపియర్ కూడా, బయటి ప్రెషర్ సగానికి దిగువకు పోయాక ప్రవాహం పెరగదని గమనించాడు. మాంచెస్టర్‌లో హెన్రీ వైల్డ్ గాలితో చేసిన ప్రయోగాలు ముందు పెట్టుకుని, గొంతులో ధ్వని వేగం వచ్చాక కబురు ఎదురెక్కలేదన్న వివరణను 1886లో స్పష్టంగా రాసినవాడు ఆస్‌బర్న్ రేనాల్డ్స్. పైపుల్లో ప్రవాహాల గురించి చదివిన ప్రతి ఇంజినీరుకూ ఆయన పేరు పరీక్ష పేపర్లలో కనబడే ఉంటుంది.

ఇక మన ట్యాంకును ఖాళీ చేద్దాం. వర్క్‌షాపులో సాధారణంగా కనబడే 200 లీటర్ల ట్యాంకు, గేజ్ మీద 7, కింద డ్రెయిన్ దగ్గర నున్నగా గుండ్రం చేసిన 2 మిల్లీమీటర్ల నాజిల్. కంప్రెసర్ ఆపేశాం. చోక్డ్ ఉన్నంతసేపు గాలికి వాడే సూత్రం ఇంత చిన్నది:

m = 0.0404 × A × P / √T

ఇందులో m సెకనుకు పోయే కిలోలు, A గొంతు వైశాల్యం చదరపు మీటర్లలో, P లోపలి అసలు ప్రెషర్ పాస్కల్స్‌లో, T లోపలి ఉష్ణోగ్రత కెల్విన్‌లో. బయటి ప్రెషర్ ఈ సూత్రంలో ఎక్కడా లేదు, గమనించండి. 2 మి.మీ. గొంతు వైశాల్యం 3.14 చదరపు మిల్లీమీటర్లు. అంకెలు వేస్తే సెకనుకు 5.9 గ్రాములు. గది గాలిగా మార్చి చెప్పుకుంటే నిమిషానికి సుమారు 300 లీటర్లు.

చాలామందికి ఇక్కడే ఒక అపోహ కలుగుతుంది. చోక్డ్ అంటే ప్రవాహం ఒక అంకె దగ్గర బిగుసుకుపోయిందని, ఇక మారదని అనుకుంటారు. బయట ఏం చేసినా మారదు, నిజం. లోపల P మారితే మాత్రం అదే నిష్పత్తిలో మారుతుంది. ట్యాంకు ప్రెషర్ రెట్టింపు చేస్తే పోయే గాలి రెట్టింపు, సగం చేస్తే సగం. మన ట్యాంకు గాలి పోయేకొద్దీ P తగ్గుతుంది, P తగ్గేకొద్దీ పోయే గాలి తగ్గుతుంది. కాబట్టి ప్రతి నిమిషానికీ మిగిలిన దాంట్లో ఒకే వంతు పోతుంది.

మన ట్యాంకుకు ఆ వంతు ఎంతంటే, నిమిషం గడిచేసరికి అసలు ప్రెషర్ 0.83 వంతు మిగులుతుంది. మొదట 8. ఒక నిమిషానికి 6.6, రెండో నిమిషానికి 5.5, మూడుకు 4.5, నాలుగుకు 3.75, ఐదుకు 3.1, ఆరుకు 2.6, ఏడుకు 2.1. సగం కావడానికి 3 నిమిషాల 40 సెకన్లు, అందులో సగం కావడానికి మళ్లీ అంతే సమయం. ఏడున్నర నిమిషాలు దాటేసరికి 1.89 చేరుతుంది, చోక్డ్ దశ ముగుస్తుంది.

ఆ తర్వాత? మిగిలింది కొంచెమే గదా, చటుక్కున అయిపోవాలి అనిపిస్తుంది. అవదు. 1.89 నుంచి ఒక బార్‌కు దిగడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. ఆరు బార్లకు పైగా దించడానికి ఏడున్నర నిమిషాలు, ఒక్క బార్ కూడా లేనిదాన్ని దించడానికి దాదాపు ఐదు. ఇప్పుడు గొంతులో వేగం ధ్వని కంటే తక్కువ, బయటి కబురు లోపలికి చేరుతోంది, లోపలి ప్రెషర్ బయటి ప్రెషర్‌కు దగ్గరయ్యేకొద్దీ తోసే శక్తే కరువవుతుంది. ఈ దశలో ప్రవాహం ఇంచుమించు రెండు ప్రెషర్ల తేడాకు వర్గమూలంలా నడుస్తుంది, నీటి తొట్టి అడుగున ఉన్న కుళాయిలాగే. చివర్లో గేజ్ ముల్లు సున్నాకు ఆనుకున్నట్టే కనబడినా వాల్వ్ దగ్గర సన్నగా సుయ్యిమంటూనే ఉంటుంది. ట్యాంకు మూత విప్పబోయేవాళ్లు ముల్లును కాక చెవిని నమ్మాలి.

మీ దగ్గర ట్యాంకు, సెల్‌ఫోన్‌లో గడియారం ఉంటే ఇది స్వయంగా చూసుకోవచ్చు. నిమిషానికోసారి గేజ్ అంకె రాసుకోండి, ప్రతిదానికీ ఒకటి కలపండి, ఒక్కో అంకెను ముందు నిమిషపు అంకెతో భాగించండి. చోక్డ్ ఉన్నంతసేపూ జవాబు దాదాపు ఒకటే వస్తుంది. ఒకటి కలపడం మరిచిపోతే మన ఉదాహరణలో మొదటి నిమిషపు నిష్పత్తి 0.80, ఏడో నిమిషపుది 0.72 వస్తాయి. అప్పుడు "సూత్రం పనిచేయడం లేదు" అనిపిస్తుంది. సూత్రానిది తప్పు కాదు.

నిజం ట్యాంకు కాగితం మీది ట్యాంకులా అచ్చంగా నడవదు, అదీ చెప్పాలి. పై లెక్కలో లోపలి గాలి 27 డిగ్రీల్లోనే ఉందనుకున్నాం. గాలి బయటికి పోతుంటే మిగిలిన గాలి విచ్చుకుని చల్లబడుతుంది. ట్యాంకు గోడల నుంచి వేడి అసలు అందకపోతే 8 నుంచి 4 బార్‌కు దిగేసరికి లోపల మైనస్ 27 డిగ్రీలు కావాలి. అలా జరిగితే ప్రెషర్ ఇంకా త్వరగా పడుతుంది, 1.89 చేరడానికి ఏడున్నర కాదు, ఆరు నిమిషాలే చాలు. ఉన్న గాలి రెండు కిలోలు కూడా లేదు, చుట్టూ ఉన్న ఉక్కు దానికి ఎన్నో రెట్ల బరువు. కాబట్టి గోడ వేడిని ఇస్తూనే ఉంటుంది, నిజం ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడో ఉంటుంది. పెద్ద వాల్వ్ తెరిచి చకచకా సగం ఖాళీ చేసి ఠక్కున మూసేసి గేజ్ చూడండి. కంప్రెసర్ ఆగి ఉన్నా ముల్లు మెల్లగా కొంచెం పైకి ఎక్కుతుంది. కొత్త గాలి ఎక్కడి నుంచీ రాలేదు, చల్లబడ్డ గాలి గోడ వేడితో తేరుకుంటోంది, అంతే.

రెండో తేడా రంధ్రం ఆకారానిది. నున్నగా గుండ్రం చేసిన నాజిల్ సూత్రం చెప్పినదానిలో 97, 98 శాతం గాలిని వదులుతుంది. అలాంటి నాజిళ్లను జాగ్రత్తగా తయారు చేసి గ్యాస్ మీటర్లను సరిచూసే కొలబద్దలుగా వాడతారు కూడా, దానికి ఐఎస్ఓ 9300 అనే ప్రమాణమే ఉంది. ఆవల పైపుల్లో ఏ ఒడిదొడుకులున్నా కొలత చెదరదు కదా. రేకులో డ్రిల్లుతో పొడిచిన రంధ్రం, తుప్పు తిన్న బొక్క అలా ఉండవు. పదునైన అంచు దగ్గర గాలి ధార రంధ్రం కంటే సన్నగా కుదించుకుపోతుంది, అందువల్ల ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ పోవచ్చు. ఇంకో వింత ఏమిటంటే, పదును అంచు రంధ్రం పూర్తిగా చోక్ కాదు. అక్కడ అసలు ఇరుకు రేకులో కాక బయటి ధారలో ఉంటుంది, దాని సైజును బయటి ప్రెషర్ కొంచెం కొంచెంగా మార్చగలదు. 0.528 దాటాక కూడా ప్రవాహం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. లీకు లెక్కలకు ఇది పెద్ద విషయం కాదు, కొలత పరికరానికి మాత్రం పెద్ద విషయమే.

మూడోది, సిలిండర్‌లో ఉన్నది గాలేనా అన్నది. వంటగ్యాస్ సిలిండర్‌లో ఉన్నది ద్రవం. పైన ఆవిరి పోయేకొద్దీ కింద ద్రవం మరిగి ఆ లోటు పూడుస్తుంది. ద్రవం ఉన్నంతసేపూ ప్రెషర్ పెద్దగా పడదు, అందువల్ల మన నిమిషాల లెక్క అక్కడ చెల్లదు. స్టవ్ సంగతి వేరు. రెగ్యులేటర్ దాటాక గ్యాస్ ప్రెషర్ వాతావరణం కంటే ఎక్కువ ఉండేది బార్‌లో వందకు మూడు వంతులే. బర్నర్ జెట్ దగ్గర ప్రవాహం ఎన్నడూ చోక్ కాదు. రెగ్యులేటర్‌కు ముందున్న చోట లీకైతే కథ వేరు, అక్కడ లోపల అనేక బార్లు ఉంటాయి, ప్రవాహం కచ్చితంగా చోక్డ్. ఒకే సైజు రంధ్రమైనా రెగ్యులేటర్‌కు ఈవల ఒక ప్రమాదం, ఆవల దానికి ఎన్నో రెట్ల ప్రమాదం.

మళ్లీ మన కంప్రెసర్ దగ్గరికి వస్తే, చోక్డ్ దశలో గొంతు నుంచి వెలువడే గాలి ఇంకా 4.2 బార్‌లో ఉంటుంది. బయట ఒక బార్. ఆ తేడా అంతా గాలిలోకి వచ్చాక ఒక్కసారిగా విచ్చుకోవాలి. లీకు చెవులు చిల్లులు పడేలా కీచుమనేది అందుకే. ఆ ధారకు వేలు అడ్డం పెట్టి ఆపాలని మాత్రం చూడకండి, పదునైన గాలి చర్మంలోకి దూరితే ఆసుపత్రి పాలే. లీకు వెతకడానికి సబ్బునీళ్లు చాలు.

ఇక డబ్బు లెక్క. 2 మి.మీ. నున్నటి రంధ్రం 7 బార్ గేజ్ దగ్గర నిమిషానికి 300 లీటర్లు వదులుతుందని చూశాం. అంత గాలిని ఆ ప్రెషర్‌కు ఎక్కించడానికి కంప్రెసర్ సుమారు 2 కిలోవాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిచే ఫ్యాక్టరీలో ఏడాదికి 7,200 గంటలు, యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే లక్ష రూపాయలు. అగ్గిపుల్ల మందమంత రంధ్రానికి! వ్యాసం రెట్టింపై 4 మి.మీ. అయితే వైశాల్యం నాలుగింతలు, ఖర్చూ నాలుగింతలు. ఆ లీకు దగ్గర పైపు చుట్టూ గుడ్డ చుట్టడం, బయట డబ్బా బిగించడం లాంటి పనులతో శబ్దం తగ్గుతుందేమో గాని పోయే గాలి తగ్గదు. బయట ఏం చేసినా గొంతుకు వినపడదని ఇంతసేపూ చెప్పుకున్నదే. తగ్గించగలిగేవి రెండే, రంధ్రం సైజు, లోపలి ప్రెషర్. మిషన్లకు 6 సరిపోతుంటే అలవాటుగా 7 పెట్టి ఉంచేవాళ్లు, అసలు ప్రెషర్ 8 నుంచి 7కు దించితే అన్ని లీకులూ ఒక్కరోజులో ఎనిమిదో వంతు తగ్గుతాయి. స్పానర్ కూడా పట్టక్కర్లేదు.

ఎన్ని లీకులున్నాయో తెలియని చోట వాటన్నిటినీ కలిపి ఒకే రంధ్రంగా కొలిచే దారి ఉంది. ఆదివారం మిషన్లన్నీ ఆగినప్పుడు ట్యాంకును 7కు నింపి, కంప్రెసర్ ఆపి, గేజ్ 5.6కు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ట్యాంకు, పైపులు కలిపి మొత్తం 1,000 లీటర్లు ఉన్నచోట 5 నిమిషాలు పడితే, మీ షెడ్డులోని లీకులన్నీ కలిపి 2 మి.మీ. నాజిల్‌తో సమానం. రెండున్నర నిమిషాలే పడితే రెండు నాజిళ్లంత. ట్యాంకు మీది ప్లేటులో లీటర్లు రాసే ఉంటాయి. ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి.